బాపు పేరు మీద శాశ్వత స్కాలర్‌షిప్: ఎంత పెడితే ఎప్పటికీ ఆగకుండ నడుస్తది?

పోయిన ఏప్రిల్‌లో హన్మకొండ సుబేదారిలో ఉన్న నా ఆఫీసుకు ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ల అక్క వచ్చిన్రు. వాళ్లది పరకాల దగ్గర ఊరు. వాళ్ల బాపు ఆ ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో ఏండ్ల తరబడి లెక్కల సారుగా చేసి రిటైరై, ఏడాది కింద పోయిండు. ఆయన పేరు మీద ప్రతి ఏడు టెన్త్‌లో మంచిగ చదివిన ముగ్గురు పిల్లలకు తలా 20,000 ఇయ్యాలని వీళ్ల కోరిక, అంటే ఏడాదికి 60,000. ఒక ఏడు రెండేండ్లు కాదు, ఎప్పటికీ ఇయ్యాలె. తాము పోయినంక కూడా నడవాలె.

ఎంత పెట్టాలన్న దగ్గర ముగ్గురికి మూడు లెక్కలున్నయి. పెద్దాయన ఒక పెండ్లి కార్డు వెనక రాసుకొచ్చిండు, వంద ఏండ్లు అనుకుందాం, 60,000 ఇంటూ 100, మొత్తం 60 లక్షలు, అంత మాతోని కాదు అన్నడు. అక్కకు ఎవరో పది లక్షలు ఎఫ్‌డీ చేస్తే చాలు అని చెప్పిన్రట, ఆమెకు అది నమ్మబుద్ధి అయితలేదు. చిన్నాయన అడిగిందే అసలు ప్రశ్న: "నిజంగ ఎప్పటికీ అంటే దానికి కొసే ఉండదు గదా సార్, కొస లేనిదానికి ఎంత పైసలు పెట్టినా ఎట్ల సరిపోతయి?"

ఈ ముగ్గురికి ఒకటే జవాబు ఉంది, దాన్ని ఆ రోజు ఎట్ల చెప్పిన్నో అట్లనే ఇక్కడ రాస్తున్న. చేతికొచ్చే మిత్తి ఏడాదికి 6 శాతం అని పట్టుకున్న, ఖర్చులు గిట్ట పోంగ ఎక్కువ ఆశ పడకుండ అనుకున్న రేటు అది. మొదటి చెల్లింపు ఇయ్యాల్టి నుంచి సరిగ్గ ఏడాదికి.

ముందుగాల పెద్దాయన లెక్క. 60 లక్షలు అనేది ఎక్కడ తప్పంటే, వందో ఏడు ఇచ్చే 60,000ని, వచ్చే ఏడు ఇచ్చే 60,000ని ఆయన ఒకటే అనుకున్నడు. వచ్చే ఏడు 60,000 ఇయ్యాలంటే ఇయ్యాల 56,604 రూపాయలు పక్కకు పెడితే చాలు, 6 శాతం మిత్తితోని అది 60,000 అయితది. మరి వందో ఏడు ఇచ్చే 60,000 కోసం ఇయ్యాల ఎంత పెట్టాలె? కాలిక్యులేటర్ ఆయన చేతికే ఇచ్చి 60,000ని 1.06తో వందసార్లు భాగించినట్టు చేయమన్న, 177 రూపాయలు వచ్చింది. ఆయన రెండుసార్లు కొట్టి చూసిండు. నూట డెబ్భై ఏడు రూపాయలే, ఒక పూట భోజనం పైసలు. దూరం ఉన్న చెల్లింపు ఇయ్యాల్టి లెక్కలో అంత చిన్నగ అయిపోతది, చక్రవడ్డీ మీదికి ఎక్కినట్టే వెనక్కి వస్తుంటే అంతే జోరుగ కరుగుతది.

ఇప్పుడు ఇట్ల ఒక్కో ఏడుకు కావాల్సిన పైసలు కలుపుకుంట పోవాలె. ఎక్సెల్‌లో అయితే ఇది ఒక్క లైన్ పని:

```
=PV(6%,20,-60000)
```

20 ఉన్న కాడ ఏండ్ల సంఖ్య మార్చుకుంట పోతే చాలు, 60000 ముందర మైనస్ పెట్టకపోతే జవాబే మైనస్‌లో వస్తది, అంతకుమించి ఇబ్బంది లేదు. 10 ఏండ్లకు 4,41,605 వచ్చింది. 20 ఏండ్లకు 6,88,195. 50 ఏండ్లకు 9,45,712. 100 ఏండ్లకు 9,97,053. చిన్నాయనను 200 పెట్టమన్న, 9,99,991 వచ్చింది. ఇంకా పెద్ద సంఖ్య పెట్టి చూసిండు, పది లక్షల అంచుకు ఆనుకుంటది తప్ప దాన్ని దాటది.

మధ్యలో ఒక్క తేడా మాత్రం కొంచెం ఆగి చూడాలె. 100 ఏండ్లకు, 200 ఏండ్లకు మధ్య తేడా 2,938 రూపాయలు. అంటే మన మునిమనుమండ్ల కాలం అయినంక ఇంకో వంద ఏండ్లు, ఏడాదికి 60,000 చొప్పున మొత్తం 60 లక్షల చెల్లింపులు ఉన్నయి గదా, వాటన్నిటి కోసం ఇయ్యాల అదనంగ పెట్టాల్సింది మూడు వేలు కూడా కాదు. చెల్లింపులకు కొస లేదు, నిజమే, కానీ వాటి ఇయ్యాల్టి విలువల కూడికకు హద్దు ఉంది. ఆ హద్దే పది లక్షలు, దాన్నే లెక్కల భాషలో అవధి అంటం. చిన్నాయన "ఇంటర్‌లో అనంత గుణశ్రేఢి అని చదివిన సార్, ఇదా అది" అన్నడు. అదే. ప్రతి పదం ముందటి పదంలో 1.06వ వంతు, కాబట్టి కూడిక ఒక దగ్గరికొచ్చి ఆగుతది.

ఊరికె సిద్ధాంతం కోసం చెప్పే మాట కాదిది. 2021 మార్చిలో సెబీ, మ్యూచువల్ ఫండ్ల దగ్గర ఉన్న పర్పెచువల్ బాండ్లను, అంటే అసలు తిరిగిచ్చే తేదీ లేని బాండ్లను, ఇష్యూ అయిన రోజు నుంచి 100 ఏండ్ల మెచ్యూరిటీ ఉన్నట్టు పట్టుకోని విలువ కట్టమంది. ఆ తర్వాత ఆ రూల్ మారింది గానీ, కొస లేనిదానికి వంద ఏండ్లు పెట్టుకోవడంలో లెక్క ఏంటో పైన అంకెల్లోనే కనపడుతది, 6 శాతం దగ్గర వంద ఏండ్లకు పది లక్షల్లో 2,947 రూపాయలే తక్కువ.

అక్కకు మాత్రం ఇంకా నమ్మకం కుదరలేదు. "అంకెలు సరే సార్, కానీ పది లక్షలే ఎందుకు రావాలె?" అని అడిగింది, మంచి ప్రశ్న. ఆమెకు ఫార్ములాతోని చెప్పలేదు, బ్యాంకుతోని చెప్పిన. పది లక్షలు 6 శాతానికి వేసినవు అక్కా, ప్రతి ఏడు మిత్తి 60,000 వస్తది, అది పిల్లలకు ఇస్తవు, అసలు ముట్టవు. ఇరవై ఏండ్లు ఇట్ల ఇచ్చినంక చూస్తే అసలు పది లక్షలు అట్లనే కూసుంటది. అంటే ఇయ్యాల్టి పది లక్షలతోని నీకు రెండు వస్తున్నయి: ఒకటి ఇరవై చెల్లింపులు, రెండోది ఇరవై ఏండ్ల తర్వాత చేతిలో పది లక్షలు. ఆ రెండోదాని ఇయ్యాల్టి విలువ 3,11,805. అది తీసేస్తే మిగిలిన 6,88,195 ఇరవై చెల్లింపుల విలువ. ఎక్సెల్ ఇచ్చింది అదే అంకె.

n చెల్లింపుల ఇయ్యాల్టి విలువను V(n) అనుకోని రాస్తే ఇట్ల ఉంటది:

```
V(n) = 60000/0.06 - (60000/0.06) * 1.06^(-n)
```

మొదటి ముక్క పది లక్షలు, మారదు. రెండో ముక్క n ఏండ్లకు మిగిలిన అసలుకు ఇయ్యాల్టి విలువ, n పెరుగుతుంటే అది సున్నా దిక్కు పోతది. ఎప్పటికీ ఇస్తా అన్నవంటే అసలును ఎప్పటికీ వాపస్ తీసుకోవు, అందుకే రెండో ముక్క పోయి మొదటిదే మిగులుతది. చెల్లింపును మిత్తి రేటుతోని భాగించు అనే చిన్న సూత్రం ఇట్లనే వస్తది. చాలామంది ఈ సూత్రాన్ని కంఠతా పట్టిన్రు గానీ, అది n చెల్లింపుల విలువకు అవధి అని గుర్తుపెట్టుకోరు, అందుకే కింద చెప్పబోయే తప్పులు జరుగుతయి.

పెద్దాయన అప్పుడు "పది ఎందుకు, తొమ్మిది లక్షలు పెడితే ఏమైతది, ఒక్క లక్షనే గదా తక్కువ" అన్నడు. ఈ మాట నేను చాలా కమిటీల దగ్గర విన్న, అందుకే దీన్ని కాగితం మీద ఏడు ఏడు వేసి చూపించిన. మొదటి ఏడు మిత్తి 54,000, ఇయ్యాల్సింది 60,000, అసలులోంచి 6,000 తీస్తవు, మిగిలేది 8,94,000. రెండో ఏడు మిత్తి 53,640, మిగిలేది 8,87,640. మూడో ఏడుకు 8,80,898. ఇక్కడ మిగిలిన పైసలను కాదు, పది లక్షలకు ఎంత తక్కువ ఉందో దాన్ని చూడాలె: 1,00,000, తర్వాత 1,06,000, తర్వాత 1,12,360, తర్వాత 1,19,102. తక్కువైన లక్ష ఒక అప్పు లెక్క 6 శాతం చక్రవడ్డీతోని పెరుగుతున్నది. ఆ అప్పు పది లక్షలకు పెరిగిన రోజు నిధి ఖాళీ. లక్ష పదింతలు కావడానికి 6 శాతంతోని ముప్పై తొమ్మిదిన్నర ఏండ్లు పడుతది, కాబట్టి 39 చెల్లింపులు పూర్తిగ పోతయి, నలబయ్యోది సగంలో ఆగుతది. 50,000 మాత్రమే తక్కువ పెడితే 51 చెల్లింపులు. పైన చెప్పిన సూత్రమే ఇది, కాకపోతే వెనక నుంచి చూస్తున్నం.

దీంట్లో మోసం ఏందంటే మొదటి పది పదిహేనేండ్లు ఎవరికీ ఏమీ తెల్వది. చెల్లింపులు టైంకు పోతుంటయి, బ్యాంకు బుక్కులో పెద్ద అంకెనే కనపడుతది. తెలుసుకోవాలంటే ఒక్కటే చూడాలె, ఈ ఏడు చెల్లింపు అయినంక మిగిలింది పోయిన ఏడు మిగిలినదానికన్నా తక్కువ ఉందా అని. ఒక్క రూపాయి తక్కువున్నా అది శాశ్వత నిధి కాదు, గడువున్న నిధే, గడువు ఎప్పుడన్నదే తెల్వాలె.

ఈ విషయం నాకు అనుభవం మీద తెలిసింది. 2013లో ఒక ఊరి గుడి కమిటీకి ఏటా అన్నదానం కోసం నేనే లెక్క కట్టిచ్చిన. అప్పుడు ఎఫ్‌డీ మీద దాదాపు 9 శాతం వస్తుండె, ఏడాదికి 18,000 కావాలంటే 2 లక్షలు చాలు అని చెప్పిన. సూత్రం కరెక్టే, కానీ ఆ 9 శాతం ఎప్పటికీ ఉంటదని నేను అనుకున్నది తప్పు. బ్యాంకు ఎఫ్‌డీ ఎక్కువలో ఎక్కువ పదేండ్లకే దొరుకుతది, శాశ్వతం అన్న మాటకు ఆ తర్వాతి రేటు ఎంతో ఇయ్యాల ఎవరూ రాసియ్యరు. 2020లో రెన్యూ చేసేటప్పుడు రేటు ఐదున్నర దగ్గరికి పడింది, మిత్తి 11,000, కమిటీ వాళ్లు మాత్రం మాట ఇచ్చినం గదా అని 18,000 ఖర్చు పెట్టుకుంటనే పోయిన్రు, 7,000 అసలులోంచి పోయింది. ఆ రేటుకు శాశ్వతంగ నడవాలంటే 3,27,000 పైన కావాలె. వాళ్లు నన్ను ఏమీ అనలేదు, కానీ ఆ నిధిని నిలబెట్టడానికి మళ్లీ ఊర్లో చందాలు ఎత్తాల్సి వచ్చింది, అది నాకు ఇప్పటికీ బాధే.

అందుకే వీళ్లకు రేటు సంగతి విడిగ చెప్పిన. 6 శాతం కాస్తా 5 అయితే, పదేండ్ల చెల్లింపుల విలువ 4,41,605 నుంచి 4,63,304కు పోతది, పెరిగింది 5 శాతం లోపే. కానీ శాశ్వత చెల్లింపుల విలువ పది లక్షల నుంచి పన్నెండు లక్షలు అయితది, 20 శాతం. ఎందుకంటే రేటు తగ్గితే దూరపు చెల్లింపులే ఎక్కువ బరువు ఎక్కుతయి, శాశ్వతంలో దూరపు చెల్లింపులకు కొదవ లేదు. రేటు సున్నా దిక్కు పోతుంటే అవధి కూడా పైకి పోతనే ఉంటది, సరిగ్గ సున్నా దగ్గర అసలు అవధే ఉండదు, అప్పుడు పెద్దాయన పెండ్లి కార్డు లెక్కనే నిజం. 50 ఏండ్ల ప్రభుత్వ బాండ్ ఒకటి 2023లో వచ్చింది, 2073లో మెచ్యూరిటీ, కూపన్ అంటే ఏడాదికి ఇచ్చే మిత్తి 7.46 శాతం. అసొంటివి రేటును చాలా దూరం కట్టేస్తయి, ఆర్‌బీఐ రిటైల్ డైరెక్ట్‌లో మామూలు మనుషులు కూడా బాండ్లు కొనొచ్చు. నేను ఆ దారి చెప్పిన, వాళ్లు సగం అట్ల, సగం ఎఫ్‌డీ అనుకున్నరు.

ఇక అసలు చిక్కు ధరలతోని. ఇయ్యాల 20,000 అంటే ఇంటర్ అడ్మిషన్‌కు, పుస్తకాలకు ఆసరా. ముప్పై ఏండ్ల తర్వాత అదే 20,000 దేనికొస్తది? వీళ్లకు యేల్ యూనివర్సిటీ దగ్గర ఉన్న ఒక బాండ్ సంగతి చెప్పిన. 1648లో హాలండ్‌లో లెక్ నది కట్టలు చూసే నీటి బోర్డు ఇచ్చిన 1,000 గిల్డర్ల బాండ్ అది, ఇంకా మిత్తి ఇస్తనే ఉంది. 2015లో పన్నెండేండ్ల మిత్తి కలిపి తీసుకుంటే 136 యూరోల 20 సెంట్లు వచ్చినయి, ఏడాదికి పదకొండు యూరోల పైచిలుకు. మాట ఆగలేదు, కానీ ఆ మాటకు కొనే బలం పోయింది. అక్క అది విని చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "బాపు పేరు చెప్పి పిల్లల చేతిల చాయ్ పైసలు పెట్టినట్టు కావొద్దు" అన్నది.

కాబట్టి చెల్లింపు ఏడాదికి 3 శాతం పెరగాలని అనుకున్నం. అప్పుడు ప్రతి పదం ముందటిదానికి 1.06వ వంతు కాదు, 1.03ని 1.06తో భాగిస్తే వచ్చేదంత, అంటే 0.9717. ఒకటికి చాలా దగ్గర, అందుకే కూడిక చాలా నెమ్మదిగ ఆగుతది. అవధి ఎంతంటే మొదటి చెల్లింపును 6 లోంచి 3 తీసేసిన 3 శాతంతోని భాగించాలె. 60,000తో మొదలుపెడితే 20 లక్షలు, పదికి రెట్టింపు. ముగ్గురూ తలా నాలుగు లక్షలు ఏసుకుంట అన్నరు, మొత్తం పన్నెండు. పన్నెండు లక్షల్లో 3 శాతం 36,000, అంటే ముగ్గురు పిల్లలకు తలా 12,000 నుంచి మొదలు. తక్కువతోని మొదలై పెరుగుకుంట పోవాల్నా, ఎక్కువతోని మొదలై అట్లనే ఉండాల్నా అనేది వాళ్ల ఇష్టం, వాళ్లు పెరిగేదాన్నే ఒప్పుకున్నరు.

ఇక్కడ వంద ఏండ్లను శాశ్వతం అనుకునే అలవాటు పనిచేయదు. పెరగని చెల్లింపులకు వంద ఏండ్లలో 99.7 శాతం విలువ వచ్చేస్తది, 3 శాతం పెరిగేవాటికి 94.3 శాతమే, 50 ఏండ్లకైతే 76 శాతమే. పన్నెండు లక్షల్లో 68,000 దాకా వందేండ్ల అవతలి పిల్లలదే. పెరుగుదల కూడా 6 శాతం పెడితే ప్రతి ఏడు చెల్లింపు విలువ ఒకటే అంకె వచ్చి కూడుకుంట పోతది, అవధి ఉండదు, ఎంత పెట్టినా సరిపోదు. చిన్నాయన మొదటి భయం నిజమయ్యేది అక్కడనే. సూత్రంలో 6 లోంచి 7 తీసి మైనస్ అంకె తెచ్చుకుని విలువ కట్టిన కాగితం కూడా నేను ఒకసారి చూసిన, సూత్రం ఒక అంకె ఇచ్చిందంటే దానికి అర్థం ఉందని కాదు, ముందు కూడిక ఆగుతదా లేదా చూడాలె.

అంతా అయిపోయింది అనుకుంటే అక్క ఇంకో మాట అన్నది, వచ్చే ఏడు దాకా ఎందుకు, ఈ జూన్‌లనే మొదటిసారి ఇద్దాం, ఆ 36,000 నేను పెడుత అని. అంటే 12,36,000 చాలు అని ఆమె లెక్క. ఇక్కడ చాలామంది జారుతరు. ఈ జూన్ 36,000 ఇచ్చి వచ్చే జూన్ నుంచి 3 శాతం పెంచాలంటే వచ్చే ఏడు చెల్లింపు 37,080, దానికి మిగిలి ఉండాల్సిన నిధి 12,36,000, మొత్తం 12,72,000 కావాలె, అంటే పన్నెండు లక్షలకు ఒక ఏడాది 6 శాతం మిత్తి కలిపినంత. 12,36,000తోనే కావాలంటే వచ్చే జూన్ కూడా 36,000నే ఇచ్చి, పెంచుడు ఆ తర్వాత మొదలుపెట్టాలె. వాళ్లు ఈ రెండోదానికే సరే అన్నరు.

రాతకోతల్లో నేను గట్టిగ పట్టుబట్టింది ఒక్క లైన్ గురించే. డీడ్‌లో చెల్లింపు రూపాయల్లో రాయలేదు, ఏడాది మొదట్లో నిధి ఎంతుందో దాంట్లో 3 శాతం అని రాసినం. 6 శాతం వస్తే మొదటి ఏడు మిత్తి 72,000, పిల్లలకు 36,000, మిగతా 36,000 అసలులో కలుస్తది, నిధి 12,36,000 అయితది, చెల్లింపు 37,080. రేటు 5 శాతానికి పడితే నిధి 2 శాతమే పెరుగుతది, చెల్లింపు కూడా 2 శాతమే పెరుగుతది. 3 శాతం కన్నా కిందికి పోతే చెల్లింపు కొంచెం కొంచెం తగ్గుతది గానీ నిధి ఖాళీ కాదు, ఎందుకంటే ఉన్నదాంట్లో వంతే తీస్తున్నం. గుడి కమిటీకి నేను 18,000 అని అంకె రాసియ్యకుండ ఇట్ల రాసిచ్చి ఉండాల్సింది.

జూన్ రెండో వారంలో బడిలోనే ఇచ్చిన్రు, ముగ్గురూ ఆడపిల్లలే. నేను పోలేదు, పెద్దాయన ఫోన్ చేసి చెప్పిండు. ఖాతా స్టేట్‌మెంట్ మాత్రం పంపమన్న, 36,000 పోంగ సరిగ్గ 12,00,000 ఉంది. వచ్చే జూన్ చెల్లింపు అయినంక ఆ అంకె 12,36,000 దగ్గర ఉందా లేదా చూసి మళ్లీ మాట్లాడుకుందాం అనుకున్నం.